ఐసులో పెట్టిన టీకా పనికొస్తుందా?

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట. మా పాపకు పది వారాలు. డాక్టరుగారు నొప్పి లేని సూది రాసి, తమ దగ్గర స్టాకు లేదు, బయట తెచ్చుకోమన్నారు. కొత్తపేటలో ఒక షాపులో 3,800 పెట్టి కొన్నాం. పాలిథిన్ కవర్లో ఐసుముక్కలు వేసి, అందులో పెట్టి ఇచ్చారు. తీరా వెళితే ఆ సాయంత్రం డాక్టరుగారు రావట్లేదన్నారు. చెడిపోకూడదని ఇంటికి తెచ్చి ఫ్రీజర్లో పెట్టాను. మర్నాడు తీసుకెళ్తే నర్సు “ఫ్రీజర్లో పెట్టారా, అయితే వెయ్యం” అంది. షాపువాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు. బయట కాసేపు ఉంచి చూస్తే మందు మామూలుగానే ఉంది. మా అత్తగారేమో “ఎంత చల్లగా ఉంటే అంత మంచిదేగా” అంటున్నారు. అది వేయించొచ్చా? మళ్లీ కొంటే ఎలా తీసుకెళ్లాలి?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు:

అమ్మా, ఆ సూది వేయించకండి. నర్సు చెప్పినమాట సరైనది. ఆమె నోరు మెదపకుండా వేసేసి ఉంటే మీకూ తెలిసేది కాదు, డాక్టరుకూ తెలిసేది కాదు. పాపను చూసి చెప్పగలిగే తేడా కూడా ఉండకపోవచ్చు. కార్డులో టిక్కు మాత్రం పడేది. గడ్డకట్టిన టీకాతో ఉన్న చిక్కే అది. చెడిపోయిన పాలు వాసన చూసి పారబోస్తాం, ఇది వాసన రాదు.

డబ్బు పోయిన బాధ నాకు అర్థమవుతుంది గానీ పాప గురించి మాత్రం కంగారు పడొద్దు. ఈ డోసు ఓ వారం వెనకపడితే అక్కడినుంచే కొనసాగిస్తారు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టరు. అలాగని నెల తర్వాత చూద్దాంలే అనుకోకండి. ఈ సూదిలో కోరింత దగ్గు టీకా కూడా ఉంది. ఆ దగ్గు ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా ఈ మొదటి నెలల్లోనే.

మీ అత్తగారిని తప్పుపట్టడానికి లేదు. మనలో చాలామందికి టీకా అంటే ఐసే గుర్తొస్తుంది. పల్స్ పోలియో ఆదివారాల్లో స్కూలు వరండాలో బల్ల, బల్లమీద నీలంరంగు పెట్టె, పెట్టెనిండా ఐసు ప్యాకులు చూస్తూ పెరిగాం. పోలియో చుక్కల మందు నిజంగానే ఆ రకం. వేడికి అన్ని టీకాలకంటే ముందు పాడయ్యేది అదే, గడ్డకడితే మాత్రం దానికేమీ కాదు. పెద్ద స్టోర్లలో దాన్ని మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు కూడా. ఆ ఒక్క మందు చూసి నేర్చుకున్న పాఠాన్ని మిగతా వాటికీ అంటగట్టాం, అక్కడ వచ్చింది తంటా. మీరు కొన్న దానిలో కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు, హెపటైటిస్ బి, మెదడుపొర వాపు తెచ్చే హిబ్ క్రిమి, పోలియో – ఆరింటి మందు ఉంటుంది. అందులో పోలియో ఉన్నా అది చుక్కల పోలియో కాదు, చంపిన వైరస్‌తో చేసినది. దానికీ గడ్డకట్టడం పడదు. మీ దగ్గర ఆ అట్టపెట్టె ఇంకా ఉంటే తిప్పి చూడండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని, ఫ్రీజ్ చేయకూడదని దానిమీదే ఉంటుంది, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో.

ఎందుకు పడదో తెలియాలంటే వంటింట్లో చిన్న పని చేసి చూడండి. గట్టి పెరుగు ఒక గిన్నెలో రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, పొద్దున తీసి కరగనివ్వండి. నీళ్లు ఓ పక్క, పలుకులు పలుకులుగా తెల్లముద్ద ఓ పక్క. ఎంత గిలక్కొట్టినా మొదటి పెరుగు రాదు. ఈ టీకాలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. ఆ తెల్లటి ద్రవంలో కంటికి కనిపించనంత సన్నటి అల్యూమినియం లవణపు రేణువులు తేలుతూ ఉంటాయి. టీకాలో పనిచేసే అసలు పదార్థం ఆ రేణువులకు అతుక్కుని ఉంటుంది. ఒంట్లో రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపి, ఇదుగో ఇటు చూడు అని చెప్పేది ఆ జోడీ. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు ఈ రేణువులన్నింటినీ ఒక మూలకు నెట్టి ఒకదానికొకటి ఒత్తేస్తాయి. కరిగాక నీరు నీరుగానే వస్తుంది, రేణువులు మాత్రం ఉండకట్టి ఉండిపోతాయి. అలాంటి మందు ఒంట్లోకి వెళితే సూది వేసినచోట వాపు, నొప్పి ఎక్కువ రావచ్చు. రక్షణ మాత్రం అరకొరగా వస్తుంది, లేదా రాదు. ఈ ఆరింటిలో హెపటైటిస్ బి భాగం మరీ సుకుమారం. సున్నాకు అర డిగ్రీ కిందికి దిగితే చాలు, గడ్డకట్టడం మొదలవుతుంది.

“మామూలుగానే ఉంది” అన్నారు కదా, దాని సంగతి. నేను 1990ల మొదట్లో పల్నాడు వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేరాను. ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఎక్కువ. ఓ డిసెంబరు పొద్దున ఊళ్లకు పంపే టీకా క్యారియర్ నేనే సర్దాను. ఆ డబ్బాలో నాలుగు గోడలకూ నాలుగు ఐసు ప్యాకులు పెట్టి, మధ్యలో టీకా సీసాలు ఉంచుతారు. ఆ ప్యాకుల్ని డీప్ ఫ్రీజర్లోంచి తీసి, కాసేపు బయట పెట్టి, లోపల కాస్త నీరు కదిలేదాకా ఆగి అప్పుడు సర్దాలి. ఆ సంగతి నాకు శిక్షణలో చెప్పారు కూడా. బస్సు టైమయిపోతోందని నేను తీసినవి తీసినట్టే దోపేశాను. ఊళ్లో వేపచెట్టు కింద మూత తీసిన మా పెద్ద సిస్టరు డీపీటీ సీసాను పట్టుకుంటే అది ప్యాకుకు అంటుకుని టక్కున ఊడొచ్చింది. ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి ఓసారి తిప్పి చూసి, ఏమీ మాట్లాడకుండా డబ్బా మూసేసి, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులతో “వచ్చే బుధవారం రండమ్మా” అంది. దారంతా నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి ఆమే నాచేత కుదుపు పరీక్ష చేయించింది. ఒకే బ్యాచ్ సీసాలు రెండు తీసుకుంటారు. ఒకటి గడ్డకట్టిందని కచ్చితంగా తెలిసినది, రెండోది అనుమానం ఉన్నది. రెండూ పూర్తిగా కరిగాక ఒకే చేత్తో పట్టుకుని గట్టిగా కుదిపి, బల్లమీద పక్కపక్కన నిలబెట్టి, కంటికి సమానంగా తల వంచి చూస్తూ కూర్చోవాలి. కుదిపిన క్షణంలో రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. అందుకే కరిగిన టీకా చూసి మామూలుగా ఉందనుకోవడం ఎవరికైనా సహజమే. పది నిమిషాలు గడిచేసరికి గడ్డకట్టినదాంట్లో పైన నీరు తేరుకోవడం మొదలైంది, అడుగున సున్నం పేరినట్టు తెల్లటి మడ్డి. అరగంట దాకా చూశాం. అనుమానమున్న సీసాల్లో ప్యాకుకు దూరంగా మధ్యలో ఉన్నవి ఇంకా పాలలా నిలిచి ఉన్నాయి. గోడవైపు ఉన్నవన్నీ మొదటి సీసాతో పాటే తేరుకున్నాయి. ఒకే డబ్బాలో, ఒకే దారిలో వెళ్లిన సీసాలవి. వాటి మధ్య తేడా అంగుళం దూరమే.

ఈ పరీక్ష మీరు ఇంట్లో చేయలేరు. పోల్చిచూడ్డానికి అదే బ్యాచ్‌ది ఇంకోటి కావాలి, దాన్ని కావాలని గడ్డకట్టించాలి. ఒక డోసు సంగతి తేల్చుకోడానికి ఇంకో 3,800 తగలేయడమన్నమాట. పైగా మీది రాత్రంతా ఫ్రీజర్లో ఉంది. అక్కడ పరీక్షించడానికేమీ మిగల్లేదు.

ఇక షాపువాళ్ల ఐసు కవరు. ఐసంటే సున్నా డిగ్రీలని మనం అనుకుంటాం. నీరోడుతూ కరుగుతున్న ఐసు సున్నా దగ్గర ఉంటుంది, నిజమే. ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐసు మాత్రం ఆ ఫ్రీజరంత చల్లగా ఉంటుంది, అంటే మైనస్ 15, మైనస్ 18. చేత్తో పట్టుకుంటే వేలికి అంటుకునే ఐసు ఈ రకం. సిరంజిలో ఉండేది అర మిల్లీలీటరు మందు, పది చుక్కల లెక్క. దాన్ని అలాంటి ఐసుకు ఆనిస్తే మీరు షాపు మెట్లు దిగి ఆటో మాట్లాడుకునేలోపే పని పూర్తి కావచ్చు. మీ కవర్లో ఐసు ఏ స్థితిలో ఉందో ఇప్పుడు చెప్పలేం. కొత్తపేటలో కరుగుతూ ఉండి ఉంటే ఆ దారిలో మందు బతికే ఉండొచ్చు, చంపింది ఇంటి ఫ్రీజరే కావచ్చు. ఏదైనా, ఐసుముక్కల కవర్లో టీకా ఇచ్చే పద్ధతి తప్పు. అట్టపెట్టె తడిసి బ్యాచ్ నంబరు చెరిగిపోవడం దానికి అదనం.

మరి ఎండ సంగతేమిటంటారా? ఎండా పాడుచేస్తుంది, కానీ ఆ పాడుచేసే తీరు వేరు. గడ్డకట్టడం ఒకేసారి తగిలే దెబ్బ. వేడి వల్ల నష్టం వడ్డీలా పేరుకుంటుంది. షాపులో కరెంటు పోయిన గంట, మీ ఆటోలో అరగంట, క్లినిక్ బల్లమీద ఇరవై నిమిషాలు, అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన ఆ ఖాతా సున్నా కాదు. అయితే ఈ ఆరింటి టీకా ఆ మాత్రం వేడికి ఓర్చుకునే రకమే. ఈ తరహా టీకాల్లో కొన్నింటికి వాటి తయారీదారులే 25 డిగ్రీల్లో మూడు రోజుల దాకా నిలకడగా ఉంటాయని రాశారు. ఇది ఫ్రిజ్ ఆగిపోయినప్పుడు డాక్టరు చూసుకోవాల్సిన లెక్క, మనం బయట పెట్టుకోడానికి ఇచ్చిన అనుమతి కాదు. పైగా రోహిణి కార్తెలో గుంటూర్లో 25 డిగ్రీలు ఏసీ గదిలో తప్ప ఎక్కడుంటుంది? బయట 42, 43. ఎండలో నిలబెట్టిన కారు లోపల, స్కూటరు డిక్కీలో అంతకంటే ఎక్కువ. డిక్కీకి కింద ఇంజను వేడి, పైన సీటు వేడి. అందులో టీకా పెట్టి ‘ఎండ తగలకుండా తెచ్చాను’ అనేవాళ్లను చాలామందిని చూశాను.

వేడికి నిజంగా భయపడాల్సింది పాపకు తొమ్మిదో నెలలో, ఏడాది దాటాక వచ్చే టీకాల విషయంలో. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు పొడి రూపంలో వస్తాయి. వాటిలో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. వేడికి చస్తుంది, వెలుతురుకూ చస్తుంది. ఆ పొడికి గడ్డకట్టడం వల్ల నష్టం లేదు గానీ, దాంతోపాటు ఇచ్చే కలిపే నీళ్ల బుడ్డి గడ్డకడితే గాజు చిట్లుతుంది. వాటిని అట్టపెట్టెలోంచి బయటికి తీయకుండా తీసుకెళ్లండి, కలపడం క్లినిక్‌లో వేసే ముందే జరగాలి. రెండు రకాలకూ రెండు పద్ధతులు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. కింద చెప్పేది రెండింటికీ సరిపోతుంది.

మొదట కొనే క్రమం మార్చండి. మీకు జరిగిన దాంట్లో సగం నష్టం ముందు కొని, తర్వాత డాక్టరున్నారో లేదో చూడటంవల్ల వచ్చింది. క్లినిక్‌కి ఫోను చేసి ఆ పూట డాక్టరుగారు ఉన్నారా, ఆ టీకా వాళ్లే తెప్పించి పెట్టగలరా అని అడగండి. పిల్లల డాక్టర్లలో చాలామంది తమ ఫ్రిజ్‌లోనే ఉంచుకుంటారు. రెండు రోజులు ఆగితే వాళ్లకు స్టాకు వస్తుందంటే ఆగండి, మీ మోత తప్పుతుంది. తప్పదు, బయట కొనాల్సిందే అంటే, పాపను తీసుకుని ముందు క్లినిక్‌కి వెళ్లి టోకెను వేయించుకోండి. పాపను అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టి, ఇద్దరు ముగ్గురి ముందుండగా మీలో ఒకరు షాపుకు వెళ్లండి. కొత్తపేటలో క్లినిక్‌కీ మందుల షాపుకీ మధ్య నాలుగడుగులే ఉండే చోట్లు బోలెడు. బ్రాడీపేట నుంచి కొత్తపేటకు వచ్చి, మళ్లీ ఇంటికెళ్లి, మళ్లీ కొత్తపేటకు రావడం ఎందుకు?

షాపులో బిల్లు ముందు వేయించండి, డబ్బు కట్టేశాకే టీకా ఫ్రిజ్‌లోంచి తీయమనండి. తీసేటప్పుడు మీ కళ్లు ఆ ఫ్రిజ్ మీద ఉండాలి. లోపల థర్మామీటరు ఉందా? టీకా ఏ అరలోంచి తీశారు? పైన ఐసు పేరుకున్న అరలోంచో, వెనకగోడకు ఆనించిన చోటినుంచో తీస్తే, అట్టపెట్టె తడిసి ముడతపడి ఉంటే, ఇంకో షాపు చూసుకోండి. కరెంటు పోతే ఏం చేస్తారని కూడా అడగొచ్చు. మంచి షాపువాడు ఈ ప్రశ్నకు విసుక్కోడు, ఇన్వర్టరో జనరేటరో చూపిస్తాడు. గడువు తేదీ, బ్యాచ్ నంబరు బిల్లుమీదా పెట్టెమీదా ఒకటేనా అని చూసుకోండి.

ఇక పెట్టె. చిన్న థర్మోకోల్ పెట్టె చాలు. షాపులకు ఇన్సులిన్, టీకాలు వచ్చేది అందులోనే, అడిగితే ఊరికే ఇస్తారు. అరగంట లోపు దారికి ఐసే వద్దు. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచిన రెండు అరలీటరు నీళ్ల సీసాలు పెట్టెలో పెట్టి, వాటి మధ్య టీకా అట్టపెట్టెను జిప్ కవర్లో వేసి ఉంచి, ఖాళీ ఉన్నచోట న్యూస్‌పేపరు నలిపి కుక్కి, మూత వేయండి. ఆ నీళ్లు నాలుగైదు డిగ్రీల్లో ఉంటాయి, ఏం చేసినా టీకాను గడ్డకట్టించలేవు. మే నెల మధ్యాహ్నమైనా ఇరవై నిమిషాలు, అరగంట అవి కాపుకాస్తాయి. ఆపైన కాస్త వెచ్చబడినా అది కొద్దికొద్దిగానే.

మీ పుట్టింటివాళ్లు విజయవాడలో ఉండి అక్కడినుంచి తేవాల్సి వస్తే నీళ్ల సీసాలు చాలవు. వారధి దాటి మంగళగిరి మీదుగా ఇక్కడికి చేరేసరికి గంటా గంటన్నర. అప్పుడు జెల్ ప్యాకులు కావాలి, నా డిసెంబరు నిర్వాకం గుర్తుపెట్టుకుని వాడాలి. ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకును బల్లమీద పెట్టి ఆగండి. ముందు దానిమీద తెల్లటి పొడిమంచు పేరుతుంది. తర్వాత అది కరిగి చెమటపట్టినట్టు తడవుతుంది. నీళ్లు గడ్డకట్టించిన ప్యాకయితే చెవి దగ్గర ఊపితే లోపల నీరు కదిలిన చప్పుడు వినాలి. జెల్ అయితే వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి. మన ఎండల్లో ఇది అరగంటలో అవుతుంది, చలికాలం ఇంకా ఎక్కువ పడుతుంది. గడియారం చూసి తీయకండి, చప్పుడు విని తీయండి. ఆ తర్వాత తడి తుడిచి, ప్యాకును టవలులో చుట్టి, దానికీ టీకాకూ మధ్య మందపాటి అట్ట అడ్డంపెట్టండి. టీకా ఏ పక్కా ప్యాకును తాకకూడదు.

నాకున్న ఒక అలవాటు మీకూ చెప్తాను. తీగచివర బుడిపె ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు కొనుక్కోండి, కొన్ని వందల్లో వస్తుంది. నలగ్గొట్టిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో ఆ బుడిపె పెడితే సున్నా చూపాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటే ఆ తేడా గుర్తుపెట్టుకోండి. టీకా కొనే ముందురోజు ఏదో ఖాళీ మందు పెట్టెలో ఆ బుడిపె దూర్చి, థర్మోకోల్ పెట్టెను రేపటి లాగే సర్ది, బాల్కనీలో గంటసేపు పెట్టండి. అంకె 2 కంటే కిందికి దిగిందంటే ప్యాకు ఇంకా చల్లగా ఉంది, లేదా అట్ట పలచనైంది. 8 దాటిందంటే ప్యాకు చాల్లేదు, లేదా మూత సరిగా పట్టలేదు. 3,800 పెట్టేముందు ఒక గంట ఉత్తి పెట్టెతో పరీక్షించుకోవడంలో పోయేదేముంది.

దారిలో ఆ పెట్టె ఒళ్లో ఉండాలి, లేదా కాళ్ల దగ్గర నీడలో. బస్సు పైన అరలో, కారు డ్యాష్‌బోర్డు మీద వద్దు. మధ్యలో మూత తీసి చూడకండి.

ఇన్ని చేసినా డాక్టరుగారు రాకపోవచ్చు. అప్పుడు మొదట క్లినిక్‌నే అడగండి, మీ పేరు రాసి వాళ్ల టీకా ఫ్రిజ్‌లో ఉంచమని. కుదరదంటే ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మధ్య అరలో, ముందువైపు, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఒంటితలుపు ఫ్రిజ్ అయితే ఫ్రీజరు కిందనే ఉండే ట్రేలో మాత్రం వద్దు, పాల ప్యాకెట్లు అప్పుడప్పుడు గడ్డకట్టేది అక్కడే. తలుపు అరల్లోనూ వద్దు, తెరిచినప్పుడల్లా వేడిగాలి ముందు తగిలేది వాటికే. డబ్బాకు అటూ ఇటూ నీళ్ల సీసాలు ఆనించి పెడితే కరెంటు పోయిన గంటా రెండు గంటలు తలుపు తీయకుండా ఉంటే చాలు. మర్నాడు వెళ్లాక నర్సుకు ఉన్నదున్నట్టు చెప్పండి, ఎప్పుడు కొన్నదీ, ఎక్కడ ఉంచిందీ, ఎంతసేపూ. మీరు నిజం చెప్పబట్టే ఆమె ఈసారి ఆపగలిగింది.

షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదని కోపంగా ఉంటుంది. కానీ ఆలోచించండి, మీది వెనక్కి తీసుకునే షాపు ఇంకొకరిదీ తీసుకుంటుంది. అలా ఎవరింటి ఫ్రీజర్లోనో పడుకుని వచ్చినది రేపు మీకు అమ్మొచ్చు. ఒకసారి గడప దాటిన టీకాను తీసుకోని షాపులోనే కొనండి. ఐసు కవరు మాత్రం పద్ధతి కాదని వెళ్లి చెప్పండి, పోట్లాడకుండా.

మళ్లీ అంత డబ్బు పెట్టడం భారమైతే ఇంకో దారి ఉంది. మీ దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఐదింటి టీకా పెంటావాలెంట్, దానికి తోడు పోలియో సూది, చుక్కలు ఉచితంగా వేస్తారు. మీ ఆరింటికీ అవి సరిపోతాయి. పెంటావాలెంట్ తర్వాత జ్వరం, కాలునొప్పి కాస్త ఎక్కువ ఉండొచ్చు, అంతే తేడా. పోలియో సూది అక్కడ ఆరు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వేస్తారు, పదో వారంలో ఉండదు. కాబట్టి మీ పాప కార్డు చూపించి, డాక్టరుగారిని అడిగి మారండి. అక్కడి సీసాల మీద ఒక చిన్న గుండ్రటి గుర్తు, దానిలో ఒక చతురస్రం ఉంటుంది. చతురస్రం లేతగా ఉంటే మంచిది, చుట్టూ ఉన్న రంగుతో సమానమైతే వేడికి పాడైనట్టు. బయట కొనే టీకాల మీద ఆ గుర్తు సాధారణంగా ఉండదు. ఉన్నచోట కూడా అది వేడిని మాత్రమే పట్టుకుంటుంది, గడ్డకట్టిన సంగతి దానికి తెలియదు.

ఆఖరుగా, మీ దగ్గరున్న ఆ సిరంజి. చెత్తబుట్టలో వేయకండి, చెత్త ఏరేవాళ్ల చేతికి సూది గుచ్చుకుంటుంది. ఇంటి ఫ్రిజ్‌లోనూ ఉంచకండి, తెలియక ఎవరైనా మంచిదనుకుని పట్టుకెళ్లొచ్చు. అట్టపెట్టె మీద పెన్నుతో అడ్డంగా ‘పాడైంది’ అని రాసి, ఈసారి క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఆ నర్సుకే ఇచ్చేయండి. వాడిన సూదులు పంపే డబ్బాలో ఆమె వేస్తుంది.